చర్మం జోలికి వెళ్లే ముందు వెలుతురును దిద్దండి: నలుగు ఫోటోలో వైట్ బ్యాలెన్స్ సరిచేసే పద్ధతి

వేసవి ముహూర్తాలప్పుడు హైదరాబాదులో చాలా ఇళ్లలో డాబా మీద షామియానా వేసి, దాని కింద పీట వాల్చి పెళ్లికూతురికి నలుగు పెడతారు. ఆ ఫోటోలు రీటచింగుకు వచ్చినప్పుడు చూస్తే ముఖం పసుపుపచ్చగా, గడ్డం కింద కొంచెం ఆకుపచ్చగా ఉంటుంది, పెదవులు మట్టిరంగుకు తిరిగి ఉంటాయి. రీటచింగ్ చేసేవారు సాధారణంగా నేరుగా చర్మం మీదికే వెళ్లి పసుపు రంగు స్లైడరును తగ్గిస్తారు, నారింజ రంగు వెలుగును పెంచుతారు, చెక్కిళ్లకు కాస్త గులాబీ అద్దుతారు. నేనూ మొదట్లో అలాగే చేసేవాణ్ణి. ఒక పెళ్లి ఆల్బమ్ అచ్చయి ఇంటికి వెళ్లాక, పెళ్లికూతురి తల్లి ఫోన్ చేసి, ‘బాబూ, మా అమ్మాయి మెడలోవి బంగారు నగలు, నీ ఫోటోలో వెండి నగల్లా ఉన్నాయి, నలుగు పెట్టిన పసుపేమో గంధంలా ఉంది’ అన్నారు. ఆమె చెప్పినది పూర్తిగా నిజం. నేను ముఖం కోసం తగ్గించిన పసుపు రంగు ముఖంలోంచే కాక నగలలోంచి, నలుగులోంచి, చీర అంచులోంచి కూడా తగ్గిపోయింది. తప్పు చర్మంలో లేదు, వెలుతురులో ఉంది. దాన్ని వెలుతురు దగ్గరే సరిచేయకపోవడం నా పొరపాటు.

నలుగు ఫోటోనే ఉదాహరణగా ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇందులో మూడు పసుపులు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. షామియానా గుడ్డలోంచి వడకట్టుకుని వచ్చే ఎండ పసుపు మొదటిది, చెక్కిళ్ల మీద చేతుల మీద రాసిన నలుగు పసుపు రెండవది, చర్మానికి సహజంగా ఉండే పసుపు ఛాయ మూడవది. వైట్ బ్యాలెన్స్ పని వీటిలో మొదటిదాన్ని మాత్రమే తీసివేయడం. రెండవది వేడుకకు చెందినది, మూడవది మనిషికి చెందినది. ఈ విభజన మనసులో స్పష్టంగా ఉంటే, కింద చెప్పే ప్రతి మెట్టు ఎందుకో తేలికగా అర్థమవుతుంది. లైట్‌రూమ్‌లో పని చేస్తున్నట్టుగా చెబుతున్నాను. ఇతర సాఫ్ట్‌వేర్లలో మీటల పేర్లు మారినా పని క్రమం మారదు.

ముందుగా తెర, ఆ తరువాత ఫైలు

మీ కంప్యూటరులో సాయంత్రం కాగానే తెరను వెచ్చని రంగుకు మార్చే Night light వంటి సదుపాయం ఆన్‌లో ఉంటే ఆపివేయండి. అది ఆన్‌లో ఉండగా సరిచేసిన ముఖాలన్నీ మరునాడు ఉదయం నీలంగా కనిపిస్తాయి. మానిటరు రంగులను కొలత తీసి సరిచేసినదైతే, వెలుతురు రంగును తెలిపే కెల్విన్ కొలతలో 6500 దగ్గర స్థిరపరచండి, గదిలో లైటు మధ్యమధ్య మార్చకండి. పసుపు ఫోటోను పది నిమిషాలు తదేకంగా చూస్తే కన్ను దానికి అలవాటుపడి దాన్నే సహజమని నమ్ముతుంది కాబట్టి, నిర్ణయాన్ని కంటికి మాత్రమే వదలకుండా అంకెలను కూడా చూడాలి. ఈ పద్ధతి మొత్తానికీ ఆధారం అదే.

ఫైలు రా రూపంలో ఉంటే మేలు. రా ఫైలులో వైట్ బ్యాలెన్స్ ఒక సూచన మాత్రమే, సెన్సారు పట్టిన సమాచారం ముట్టుకోకుండా అలాగే ఉంటుంది కాబట్టి ఎంత మార్చినా నష్టం ఉండదు. జేపెగ్‌లో కెమెరా తన నిర్ణయాన్ని అప్పటికే రంగులలో కలిపేసి, మిగిలిన సమాచారాన్ని పారేసి ఉంటుంది. లైట్‌రూమ్‌లో తెరిచినప్పుడు, ఫోటోను నీలం వైపో పసుపు వైపో జరిపే Temp మీట దగ్గర కెల్విన్ అంకెలు కనిపిస్తే అది రా, సున్నాకు అటూ ఇటూ నూరు వరకు ఉన్న కొలబద్ద కనిపిస్తే జేపెగ్.

తరువాత కెమెరా ప్రొఫైలును ఒకటి ఎంచుకుని స్థిరపరచండి, ఎక్స్‌పోజరును సరిచేయండి. ఈ రెండూ వైట్ బ్యాలెన్స్ కంటే ముందే జరగాలి. ప్రొఫైలు మారితే ఎరుపు, నారింజ రంగుల ధోరణి మారిపోతుంది కాబట్టి, వైట్ బ్యాలెన్స్ దిద్దాక ప్రొఫైలు మారిస్తే పని మళ్లీ మొదటికి వస్తుంది. ఎక్స్‌పోజరు తక్కువై ముఖం మసకగా ఉంటే చాలామంది దాన్ని రంగు దోషమని పొరబడి Temp మీట తిప్పుతారు. వెలుగు సరిపడా తెచ్చిన తరువాత కూడా మిగిలిన దోషమే రంగు దోషం.

నమ్మదగిన తెలుపును వెతకడం

ఫోటోగ్రాఫరు ప్రతి చోటా మొదటి ఫోటోలో పెళ్లికూతురి ముఖం పక్కన ఏ రంగు ఛాయా లేని బూడిద అట్టను, అంటే గ్రే కార్డును పట్టించి ఉంటే ఈ భాగం చదవనవసరం లేదు. కాని నలుగు హడావుడిలో ఆ పని ఎవరూ చేయరు, మనమే ఫోటోలో వెతుక్కోవాలి. లైట్‌రూమ్‌లో డ్రాపరు అనే పనిముట్టుతో ఒక వస్తువు మీద నొక్కితే, దాన్ని రంగు లేనిదిగా భావించి సాఫ్ట్‌వేరు వైట్ బ్యాలెన్స్ లెక్కగడుతుంది. అందుకు మనకు కావలసిన వస్తువుకు మూడు లక్షణాలు ఉండాలి. దానికి సొంత రంగు ఉండకూడదు, ముఖం మీద పడుతున్న వెలుతురే దాని మీదా పడుతూ ఉండాలి, అది మరీ తెల్లబడి వివరం పోయినదై ఉండకూడదు. మూడవది చాలామంది పట్టించుకోరు. ఎరుపు విలువ నూరు శాతానికి తగిలి ఆగిపోయిన చోట డ్రాపరుతో నొక్కితే, నిజానికి అక్కడ ఎంత ఎరుపు ఉందో సాఫ్ట్‌వేరుకు తెలియదు, లెక్క తప్పుతుంది. అందుకే ధగధగలాడే తెలుపు కంటే లేత బూడిద రంగు నీడ ఉన్న తెలుపు మంచిది.

మొదట అందరి చేయీ తెల్లని బట్ట మీదికే పోతుంది. తండ్రి కట్టుకున్న పంచె, పెళ్లికూతురి తెల్ల చీర కళ్లెదుట ఉంటాయి. కాని కొత్త తెల్ల బట్టలలోను, డిటర్జెంటు పొడులలోను తెల్లదనం కోసం కలిపే పదార్థం కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలికాంతిగా విడుదల చేస్తుంది. ఇంట్లో నీలిమందు పెట్టి ఉతికితే ఆ నీలం అదనం. అటువంటి బట్ట మీద డ్రాపరు నొక్కితే, సాఫ్ట్‌వేరు ఆ నీలాన్ని వెలుతురు దోషంగా భావించి ఫోటో అంతటికీ మరింత పసుపు కలుపుతుంది. మనం తీయాలనుకున్న దోషమే పెరుగుతుంది. మల్లెపూల రేకులలో లేత పసుపు ఉంటుంది, పళ్లకు సహజంగానే పసుపు ఛాయ, కంటి తెల్లగుడ్డులో సన్నని ఎర్ర నరాలు. స్టీలు బిందె తన చుట్టూ ఉన్నవాటిని చూపిస్తుందే తప్ప తన రంగును చూపించదు. ఇవేవీ మొదటి కొలతకు పనికిరావు.

నలుగు ఫోటోలలో నాకు ఎక్కువసార్లు ఉపయోగపడినది ముగ్గు. పీట చుట్టూ వేసిన ముగ్గు రాతిపొడి ముగ్గు అయితే, అందులో బట్టలకు వాడే తెల్లదనపు పదార్థం ఉండదు, మెరుపూ ఉండదు. బియ్యప్పిండితో వేసిన ముగ్గులో కొద్దిగా పసుపు ఛాయ ఉంటుంది కాబట్టి దాన్ని రెండవ ఎంపికగా ఉంచుకోండి. ఫోటోను నూరు శాతం పరిమాణానికి పెంచి ముగ్గు గీతలను దగ్గరగా చూడండి. గీత సాగిన చోట పొడి పలచబడి కింద ఉన్న ఎర్రమట్టి అలుకు లేదా సిమెంటు రంగు తొంగిచూస్తుంది. చుక్క పెట్టిన చోట, గీత మలుపు తిరిగిన చోట పొడి కుప్పగా పడి దట్టంగా ఉంటుంది. డ్రాపరు పెట్టవలసింది అక్కడే. అయితే పసుపు కుంకుమలు చల్లిన ముగ్గు కాకుండా చూసుకోండి, తడి పడిన చోటూ వద్దు.

డ్రాపరు, ఆ తరువాత కొంత వెనకడుగు

ఇక్కడి నుంచి ఈ మధ్య నేను దిద్దిన ఒక ఫోటో అంకెలతోనే చెబుతాను. ఉదయం పది గంటల వేళ, పసుపు షామియానా కింద, రా ఫైలు. కెమెరా ఆటోలో తీసుకున్న విలువలు Temp 5100, Tint +4. డెవలప్ భాగంలో ఫోటో మీద మౌసు ఉంచితే పైన హిస్టోగ్రామ్ గ్రాఫు కింద ఆ బిందువు ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు R, G, B పేర్లతో శాతాలలో కనిపిస్తాయి. దట్టమైన ముగ్గు చుక్క మీద నాకు కనిపించినవి ఇవి:

```
R 83   G 84   B 60
```

రంగు లేని వస్తువు మీద మూడూ దాదాపు సమానంగా ఉండాలి. ఇక్కడ నీలం బాగా పడిపోయింది, ఆకుపచ్చ ఎరుపుకంటే ఒక పిసరు ఎక్కువ ఉంది. అంటే వెలుతురు పసుపు, అందులోనూ ఆకుపచ్చ వైపు మొగ్గిన పసుపు. Temp మీట పసుపు, నీలాల మధ్య మాత్రమే కదులుతుంది. ఆకుపచ్చ, మెజెంటాల మధ్య దోషానికి Tint మీట వేరుగా ఉంది. షామియానా గుడ్డ, చెట్ల నీడ, చవక రకం ఎల్ఈడీ బల్బులు, ట్యూబులైట్లు చాలావరకు రెండు దిక్కులలోనూ దోషం తెస్తాయి. Temp ఒక్కదాన్నే తిప్పుతూ ‘ముఖం ఎంతకూ కుదరడం లేదు’ అనుకునే చోట సాధారణంగా మిగిలిపోయి ఉండేది Tint.

W నొక్కి డ్రాపరు తీసుకుని అదే చుక్క మీద నొక్కగానే Temp 4150కి దిగింది, Tint +12కి చేరింది, ముగ్గు మీద మూడు విలువలూ 81 దగ్గర కలిశాయి. ఒక్క చుక్కను నమ్మవద్దు. దూరంగా ఉన్న మరో రెండు చుక్కల మీద కూడా నొక్కి చూడండి. Temp ఫలితాలు నూరు, నూటయాభై కెల్విన్ తేడాలో ఉంటే మధ్య విలువ తీసుకోండి. ఏదైనా ఒక చుక్క మిగతావాటికి బాగా దూరంగా పోతే అక్కడ మట్టో కుంకుమో కలిసిందని అర్థం, దాన్ని వదిలేయండి.

పని ఇక్కడితో అయిపోయిందనుకోవడం రెండవ పెద్ద పొరపాటు. ముగ్గు నేల మీద పైకి చూస్తూ ఉంటుంది కాబట్టి దాని మీద షామియానా వెలుతురే నిండుగా పడుతుంది. పీట మీద కూర్చున్న పెళ్లికూతురి ముఖం నిలువుగా ఉంటుంది. దానికి షామియానా పక్కల నుంచి, గుడ్డ తాకని ఆకాశపు వెలుతురు కూడా కొంత తగులుతుంది. అందువల్ల ముగ్గుకు అవసరమైనంత దిద్దుబాటు ముఖానికి ఎక్కువవుతుంది. ముఖంలో ఎటువైపు గుడ్డ లేకుండా తెరిచి ఉందో అటు చెంప నీడలో నీలం, బూడిద కలిసిన ఛాయ కనిపించడం దీనికి గుర్తు. నూనె రాసిన నల్లని జుట్టు మీద మెరుపు గీత కూడా బాగా నీలంగా మారుతుంది. అప్పుడు Temp ను యాభై యాభై కెల్విన్‌ల చొప్పున పైకి తెస్తూ రండి. ఆ ఫోటోలో నేను 4350 దగ్గర ఆగాను, Tint ను కదిలించలేదు. ముగ్గు విలువలు ఇలా వచ్చాయి:

```
R 82   G 81   B 77
```

ముగ్గు ఇప్పుడు కొంచెం వెచ్చగా ఉంది, ఉండనివ్వండి. మనం దిద్దుతున్నది ముఖానికి తగిలిన వెలుతురును.

నలుగు తగలని చర్మం మీద పరీక్ష

ఎక్కడ ఆగాలో తేల్చుకోవడానికి చర్మం కావాలి. అయితే నలుగు రాసిన చెక్కిలి మీద కొలత తీయకూడదు. పసుపులోని కుర్కుమిన్ నీలి కాంతిని పీల్చుకుంటుంది. చెక్కిలి మీద నీలం తక్కువగా ఉందని వెలుతురును దిద్దితే, వేడుకలోని పసుపును వెలుతురు దోషంగా లెక్కగట్టినట్టవుతుంది. నలుగు తగలని చోటు వెతకండి. మోచేతికి పైభాగం, చెవి వెనుక మెడ, ముఖంలో నలుగు అందని నుదుటి అంచు పనికివస్తాయి. ఎర్రబడిన ముక్కు కొస, పారాణి పెట్టిన పాదాలు, గోరింటాకు ఉన్న అరచేతులు వద్దు. మెరుపు ఉన్న చోటు, గాఢమైన నీడ ఉన్న చోటు కూడా వద్దు. ఒకే బిందువు కాకుండా చుట్టుపక్కల నాలుగైదు చోట్ల మౌసు నిలిపి చూడండి.

ఈ ఫోటోలో మోచేతి పైభాగం విలువలు, దిద్దకముందు, దిద్దిన తరువాత:

```
ముందు      R 61   G 48   B 24
తరువాత     R 60   G 46   B 31
```

ఆరోగ్యంగా ఉన్న మనిషి చర్మంలో, ఛాయ ఏదైనా, సాధారణ వెలుతురులో ఎరుపు అన్నిటికంటే ఎక్కువగా, ఆ తరువాత ఆకుపచ్చ, అడుగున నీలం ఉంటాయి. దిద్దకముందు కూడా ఈ వరుస ఉంది కదా అని మీకు అనిపించవచ్చు. అందుకే వరుసతో పాటు దూరాలనూ చూడాలి. ముందు ఎరుపు, ఆకుపచ్చల మధ్య దూరం 13 ఉంటే, ఆకుపచ్చ, నీలాల మధ్య దూరం 24, దాదాపు రెట్టింపు. తరువాత ఈ దూరాలు 14, 15 అయ్యాయి. నేను చూసిన మన ప్రాంతపు చర్మాలలో ఈ రెండు దూరాలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. రెండవది మొదటిదానికంటే బాగా పెద్దదైతే పసుపు దోషం మిగిలి ఉంది. రెండవది మొదటిదానిలో సగానికి పడిపోతే ముఖం గులాబీ వైపు, మెజెంటా వైపు జారింది. ఇది దారి చూపే గుర్తు మాత్రమే. మనిషికీ మనిషికీ, ఒకే మనిషిలో నుదుటికీ మెడకూ కొంత తేడా సహజంగానే ఉంటుంది కాబట్టి అంకెలు సమానం కావాలని పట్టుబట్టకండి.

ఇప్పుడు నలుగు వైపు చూడండి. చెక్కిలి మీద పసుపు ఇంకా పసుపుగానే, చర్మం నుంచి విడిగా, దాని అంచులు తెలిసేలా కనిపించాలి. దిద్దకముందు అదే చెక్కిలిలో నలుగు ఎక్కడ ముగిసి చర్మం ఎక్కడ మొదలైందో తెలియదు, మొత్తం ఒకే పచ్చని పూతలా ఉంటుంది. ఆ అంచు తేటగా బయటపడడం కంటే నమ్మకమైన పరీక్షను నేను చూడలేదు. మెడలో బంగారం బంగారంగా ఉందా, పెదవులు ఎరుపుకు తిరిగాయా అన్నది కూడా అప్పుడే చూసుకోండి.

చర్మం నల్లగా ఉండడం వైట్ బ్యాలెన్స్ దోషం కాదు, దీన్ని గట్టిగా చెప్పదలిచాను. Temp ను బాగా కిందికి లాగితే ముఖంలో పసుపు పోయి, చూసేవారికి ‘రంగు తేలినట్టు’ అనిపిస్తుంది. చాలామంది స్టూడియోవారు ఇదే దారిలో ముఖాన్ని తెల్లబరుస్తారు. కాని అంకెలు చూడండి. ఎరుపు తగ్గుతుంది, నీలం పెరుగుతుంది, వెలుగు పెద్దగా మారదు. వచ్చేది తెలుపు కాదు, రక్తం లేని బూడిద ఛాయ. అదే మీట చామనఛాయ ముఖాన్ని ఇంకా త్వరగా పాడుచేస్తుంది. ఫోటోలోని మనిషి ఛాయ ఆ మనిషిదే.

ఈ పద్ధతి ఆగిపోయే చోట్లు

వాట్సాప్‌లో వచ్చిన జేపెగ్ మాత్రమే చేతిలో ఉందనుకోండి. మొదట చర్మం మీద నీలం విలువ చూడండి. నీడలో ఉన్న చర్మం మీద అది రెండు మూడు శాతానికి పడిపోయి ఉంటే అక్కడ నీలం సమాచారం ఇక లేదు. మీట ఎంత తిప్పినా నీడలలో మచ్చలు, పొడిపొడి గింజలు తేలుతాయే తప్ప రంగు రాదు. అప్పుడు సగం దిద్దుబాటుతో సరిపెట్టుకుని ఫోటోగ్రాఫరును అసలు ఫైలు అడగడమే మార్గం.

ఫంక్షన్ హాలులో ముహూర్తం వేళ మరో చిక్కు ఉంటుంది. వీడియో తీసేవారి ఎల్ఈడీ లైటు పగటి వెలుతురులా 5600 కెల్విన్ దగ్గర ఉంటే, మండపం పైన దీపాలు 3000 దగ్గర ఉంటాయి. ఒకే అంకె రెంటినీ సరిచేయలేదు. ముఖానికి ఏ వెలుతురు ఎక్కువగా తగులుతోందో దానికి ఫోటో మొత్తాన్ని దిద్దండి, వెనుక మండపం వెచ్చగా మిగిలితే అందంగానే ఉంటుంది. ముఖంలోనే ఒక చెంప నారింజ, మరో చెంప నీలంగా ఉంటే మాత్రం తేడా ఉన్న చెంప మీద మాత్రమే మార్పు జరిగేలా బ్రష్ మాస్కు వేసి, అంచు బాగా మెత్తగా ఉంచి, మాస్కులోని Temp ను కొద్దికొద్దిగా కదిలించండి. రెండు చెంపలూ పూర్తిగా ఒకటయ్యేదాకా లాగితే ముఖం బొమ్మలా అవుతుంది, తేడాలో మూడింట రెండు వంతులు తీస్తే చాలు.

మిగతా ఫోటోలకు పంచడం

ఒక ఫోటోలో కుదిరిన Temp, Tint అంకెలను అదే చోట, అదే వేళలో తీసిన ఫోటోలకు మాత్రమే కాపీ చేయండి. ఒక్కో ఫోటోకు ఆటో నొక్కుతూ పోతే, పసుపు చీరలో ఉన్న పిన్ని పక్కన నిలబడిన ఫోటోలో ఒక అంకె, ఎర్ర చీరలో ఉన్న అత్త పక్కన నిలబడిన ఫోటోలో మరో అంకె వచ్చి, ఆల్బమ్ పేజీ తిప్పినప్పుడల్లా పెళ్లికూతురి ఛాయ మారుతుంది. డాబా మీద ఎండ కదులుతూ ఉంటుంది కాబట్టి పదింటికి కుదిరిన అంకె పదకొండున్నరకు కుదరదు. అరగంటకొకటి చొప్పున, షామియానా కింద నుంచి బయటికి వచ్చిన ప్రతి చోటా ముగ్గుతోనో మరో నమ్మకమైన తెలుపుతోనో మళ్లీ కొలవండి.

ఇంతవరకు అయ్యాకే మచ్చలు తీయడం, చర్మాన్ని నునుపు చేయడం, రంగుల మీద విడివిడిగా పని చేయడం మొదలుపెట్టండి. రంగును బట్టి చేసే దిద్దుబాట్లు అప్పుడున్న రంగుల మీదే ఆధారపడతాయి కాబట్టి, తరువాత వైట్ బ్యాలెన్స్ కదిలిస్తే అవి చర్మాన్ని వదిలి నగలనో గోడనో పట్టుకుంటాయి. దిద్దిన స్థితిని ఒక స్నాప్‌షాట్‌గా భద్రపరచుకోండి. ఆల్బమ్ అచ్చుకు పంపేటప్పుడు ల్యాబులో ఆటో కలర్ కరెక్షన్ వేయవద్దని ఫారంలోనే రాయండి, ఫోనులో కూడా చెప్పండి. వారి యంత్రం నలుగు ఫోటోను చూసి పసుపు ఎక్కువైందని భావించి తీసివేస్తే, బంగారు నగలు మళ్లీ వెండి నగలవుతాయి. వీలైతే మొదట ఒకే ఒక్క ఫోటోను చిన్న సైజులో అచ్చు వేయించి, డాబా మీదికి తీసుకువెళ్లి, పగటి వెలుతురులో చూసిన తరువాతే మిగతా పేజీలకు సరే అనండి.